ఫైలులోకి రాని బొటనవేలు

నేను మిర్యాలగూడలో చాలా ఏళ్లు సైన్సు చెప్పాను. ఆదివారాలు ఊళ్లు తిరిగి, గాలిలోంచి విబూది తీసే స్వాముల గుట్టు విప్పాను. వేళ్ల సందున దాచిన విబూది ఉండను నలిపి చూపించి, "కళ్లతో చూశామని నమ్మకండి, ఆధారం అడగండి" అని వేల మందికి చెప్పి ఉంటాను. ఆ మాటనే నమ్మి ఒక పిల్లను ఉద్యోగం పోయే అంచుదాకా తీసుకెళ్లాను. కాబట్టి ఇక్కడ రాస్తున్న కోపంలో కొంత వాటా నాది.

ఆమె వేములపల్లి పిల్ల. నా దగ్గరే పదో తరగతి చదివింది. ఇప్పుడు కోదాడ దగ్గర ఆడపిల్లల హాస్టల్ స్కూల్లో కాంట్రాక్టు టీచరు. ఒక రోజు పొద్దున్నే బస్సు దిగి, సూర్యాపేట జిల్లా విద్యాశాఖ ఆఫీసు నుంచి వచ్చిన మెమో చేతిలో పట్టుకుని మా ఇంటికి వచ్చింది. ప్రిన్సిపాల్ అనుమతి లేకుండా విద్యార్థినిని హాస్టల్ బయటికి తీసుకెళ్లినందుకు కాంట్రాక్టు ఎందుకు రద్దు చేయకూడదో వారంలో చెప్పాలట. అనుమతి తీసుకున్నానంటే ప్రిన్సిపాల్‌తో ఫోనులో చేసిన చాట్ మొత్తం ప్రింటు తీసి జతచేయాలట.

జరిగింది ఇది. ఆరో తరగతి పిల్లకు జ్వరం. పొద్దున్న థర్మామీటరు నూట మూడు దాటింది. టీచరు ఆ థర్మామీటరు ఫొటో తీసి ప్రిన్సిపాల్‌కు పంపి, దవాఖానకు తీసుకెళ్తాను, పర్మిషన్ ఇవ్వండి అని రాసింది. ప్రిన్సిపాల్ ఆ మెసేజ్‌కు బొటనవేలు బొమ్మ తగిలించింది. ఈమె పిల్లను ఆటోలో ఎక్కించుకుని కోదాడ దవాఖానకు వెళ్లింది. డెంగీ అన్నారు, సెలైను పెట్టారు. అదే రోజు మఠంపల్లి సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే ఆ పిల్ల తండ్రి కూతుర్ని చూడడానికి హాస్టల్‌కు వచ్చాడు. పిల్ల లేదు. ఎక్కడుందో గేటు దగ్గర ఎవరూ చెప్పలేదు. ఆయన గొడవ చేశాడు, ఫిర్యాదు రాశాడు. ఆయన తప్పు నాకేమీ కనబడదు. తప్పు ఆ తర్వాత మొదలైంది. ఫిర్యాదు తన మీదికి వస్తుందని ప్రిన్సిపాల్, "నేను అనుమతి ఇవ్వలేదు" అని రాసిచ్చింది.

"ఇగో సూడుండ్రి సార్," అని టీచరు తన ఫోను నా ముందు పెట్టింది. "మా బడిలో పర్మిషన్ అంటే గిదే. సెలవైనా, సరుకులైనా, మేడం ఏలు పెడితే అయిపోయినట్టే. నోరు తెరిచి ఔననది."

చూశాను. మెసేజ్ కింద అంచున చిన్న పసుపు బొటనవేలు. నా కళ్లతోనే చూశాను.

"దీన్ని ఫొటో తీసి ఇస్తే సాలదా సార్?"

అప్పుడు నేను నా పాత ఉపన్యాసం ఎత్తుకున్నాను. స్క్రీన్‌షాట్ ఎవరైనా కంప్యూటర్‌లో తయారుచేయవచ్చన్నాను. ముక్క చూపించి మిగతాది దాచారంటారన్నాను. చాట్ మొత్తం ఒక ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసి ఇస్తే మొదటి మాట నుంచి చివరి మాట దాకా అన్నీ ఉంటాయి, ఎవరూ వేలెత్తలేరు అన్నాను. ఆ ఫైలులో ఏముంటుందో నేను ఎప్పుడూ తెరిచి చూడలేదు. చూడకుండా నమ్మవద్దని జీవితమంతా చెప్పినవాడిని నేనే.

ఇద్దరం కోదాడ వెళ్లాం. జిరాక్స్ షాపాయన ఫోను అందుకుని, చాట్ పైనున్న మూడు చుక్కలు నొక్కి, "మీడియాతో కావాలాండీ, మీడియా లేకుండానా?" అని అడిగాడు.

"ప్రింటుకే కదా. లేకుండానే," అన్నాను.

"అదే మంచిదండి. ఫొటోలు ఈ ఫైల్లోకెలాగూ ఎక్కవు. విడిగా వస్తాయి."

పద్దెనిమిది కాగితాలు వచ్చాయి. ఆమె ఒక్కోదాని మీద సంతకం చేసింది. ఒక జిరాక్స్ సెట్టు నా దగ్గర ఉంచుకుని, వాటిని కవర్లో పెట్టి ఆ సాయంత్రమే సూర్యాపేట ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకున్నాం. చదవలేదు. మన దేశంలో కాగితాన్ని చదవం, మొక్కుతాం. ఆ పూట నేనూ మొక్కినవాడినే.

మూడో రోజు ఆమె ఫోను చేసింది.

"సార్, మీ దగ్గరున్న జిరాక్స్ సూడుండ్రి. పదకొండో కాగితం."

తీశాను. ముందు ఆమె మెసేజ్: ఆదివారం తల్లిదండ్రుల మీటింగు శనివారానికి మార్చమంటారా మేడం. దాని కింద "మీడియా ఒమిటెడ్", అంటే ఫొటో వదిలేశామనే రెండు ఇంగ్లీషు మాటలు. నూట మూడు దాటిన జ్వరం అక్కడ ఆ రెండు మాటలైంది. దాని కింద ఆమె మెసేజ్: పాపను దవాఖానకు తీస్కపోతాను, పర్మిషన్ ఇవ్వండి. ఆ వెంటనే ప్రిన్సిపాల్ మాట: వద్దు, రేపు చూద్దాం.

బొటనవేలు లేదు.

ఫోనులో సంగతి వేరు. ప్రిన్సిపాల్ జ్వరం మెసేజ్‌కు బొటనవేలు పెట్టి, ఆ తర్వాత మీటింగు మెసేజ్‌ను పక్కకు జరిపి దానికి జవాబుగా వద్దు అని రాసింది. ఫోనులో ఆ జవాబు నెత్తిన మీటింగు మెసేజ్ చిన్న డబ్బాలో కనబడుతుంది. ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైలు ఆ డబ్బాను వదిలేస్తుంది. బొమ్మలనూ వదిలేస్తుంది. మాటలను మాత్రం వచ్చిన వరుసలో గుచ్చుతుంది. ఒక మాట ఏ మాటకు జవాబో దానికి పట్టదు. అలా, పర్మిషన్ అడిగితే ప్రిన్సిపాల్ వద్దందని, అయినా పిల్లను తీసుకెళ్లిందని, ఆ టీచరే సంతకం చేసి సాక్ష్యం ఇచ్చుకున్నట్టయింది. చేయించింది నేను.

"ఫోన్ల ఉంది గద బిడ్డా, ఏలు. ఇప్పుడే ఫొటో తియ్యి," అన్నాను.

"లేదు సార్. తీసేసింది."

ఎవరైనా మెసేజ్ తుడిపేస్తే, తుడిపేశారన్న గుర్తయినా అక్కడ మిగులుతుంది. బొటనవేలు తీసేస్తే ఏ గుర్తూ ఉండదు. పెట్టినవాళ్లు తప్ప ఇంకొకరు తీయలేరు. మేమిచ్చిన కాగితాల్లో వేలు రాలేదని ప్రిన్సిపాల్‌కు ఆఫీసులో చూపించారు. ఆ పూటే ఫోనులోది కూడా పోయింది. ఇందులో ఊహించాల్సింది ఏముంది?

విచారణ నాడు సూర్యాపేట ఆఫీసులో అధికారి, ఆయన గుమస్తా, ప్రిన్సిపాల్, మేమిద్దరం. అధికారి కాగితాలు తిప్పుతూ అడిగాడు.

"ఇందులో ప్రతి పేజీలో 'పులి మేడం' అని ఉంది. ఎవరమ్మా ఈమె?"

ఆ పిల్ల తలొంచుకుంది. ఫోనులో పేరు ఎలా దాచుకుంటే ఫైలులో అలాగే అచ్చవుతుంది. దాచుకోవాల్సిన ఆ ఒక్కదాన్ని మాత్రం ఎక్స్‌పోర్ట్ వదలలేదు.

"నేనే," అంది ప్రిన్సిపాల్. "చూశారుగా సార్, నా మీద ఎంత గౌరవమో. నేను వద్దని రాశాను. ఇంకేం కావాలి?"

"మేడం, అది మీటింగుకు రాసిన్రు మీరు," అంది ఆ పిల్ల. "ఫోన్ల ఉన్నది. సూడుండ్రి సార్."

"ఫోను ఫైల్లో పెట్టలేమమ్మా," అన్నాడు గుమస్తా. "మీరిచ్చిన రికార్డే ఉంటది."

అప్పుడు నేను లేచాను. విబూది గుట్టు విప్పేటప్పుడు ఎలా లేచేవాడినో అలాగే.

"సార్, మీ ఫోన్ నుంచి ఈ టీచరుకు రెండు ప్రశ్నలు పంపండి. మొదటిది, టీ కావాలా. రెండోది, ఫ్యాను వేయాలా."

అధికారి విసుక్కున్నాడు, కానీ పంపాడు. నేను చెప్పినట్టే ఆమె ఫ్యాను ప్రశ్నకు బొటనవేలు పెట్టింది. టీ ప్రశ్నను పక్కకు జరిపి, దానికి జవాబుగా వద్దు అని రాసింది. అధికారి తన ఫోనులో చూసి, "సరే, టీ వద్దు, ఫ్యాను కావాలి. అయితే?" అన్నాడు.

"ఇప్పుడు ఎక్స్‌పోర్ట్ చేసి గుమస్తా గారికి పంపండి. ఫోను చూపించకండి."

గుమస్తా తన కంప్యూటర్‌లో ఫైలు తెరిచి పైకి చదివాడు. "టీ కావాలా. ఫ్యాను వేయాలా. వద్దు."

"ఏం చేస్తారు?"

"ఏముంది సార్, ఫ్యాను ఎయ్య. గంతే గద," అన్నాడు.

అధికారి చెయ్యి చాచి ఆ పిల్ల ఫోను తీసుకున్నాడు. వద్దు అన్న మాట నెత్తిన మీటింగు డబ్బా చూశాడు. ప్రిన్సిపాల్ వైపు చూశాడు.

"మీటింగుకే రాశారా మేడం?"

"అయి ఉండొచ్చు. అన్నీ గుర్తుంటాయా సార్? కానీ అనుమతి మాత్రం ఇవ్వలేదు."

"బొటనవేలు పెట్టారట."

"ఎక్కడుంది చూపించమనండి."

ఎక్కడా లేదు. నేను చూశానన్నాను. నా మాట నా చెవికే ఎలా వినిపించిందో చెప్తాను. దేవుణ్ని చూశానని కూడళ్లలో నాతో వాదించినవాళ్ల మాటలా వినిపించింది.

ఆ పిల్ల ఏడవలేదు. అధికారి ముందున్న పదకొండో కాగితం తన వైపు తిప్పుకుని, పెన్ను అడిగి తీసుకుంది. మీడియా ఒమిటెడ్ పక్కన, "ఇది థర్మామీటరు ఫొటో, నా ఫోనులో ఉంది" అని రాసింది. వద్దు పక్కన, "ఇది మీటింగుకు జవాబు" అని రాసింది. పర్మిషన్ పక్కన, "ఇక్కడ మేడం బొటనవేలు పెట్టింది, తర్వాత తీసేసింది" అని రాసి సంతకం చేసింది.

"రికార్డు మీద గట్ల రాయొద్దమ్మా," అన్నాడు గుమస్తా.

"నేనిచ్చిన రికార్డే గద సార్. సగమే ఇచ్చిన. మిగిలింది ఇప్పుడిస్తున్న."

పదిహేను రోజులకు ఉత్తర్వు వచ్చింది. కాంట్రాక్టు రద్దు చేయలేదు. ఇకముందు స్పష్టమైన మాటల్లో అనుమతి తీసుకోవాలని టీచరుకు హెచ్చరిక. ప్రిన్సిపాల్ ఊసు అందులో లేదు. మాటల్లో అడిగిన మనిషికి మాటల్లో అడగమని హెచ్చరిక. బొమ్మ పెట్టి, బొమ్మ తీసి, లేదన్న మనిషికి ఒక్క వాక్యం లేదు. ఉత్తర్వులు కూడా ఎక్స్‌పోర్ట్ ఫైళ్లలాగే తయారవుతాయి కాబోలు. ఎవరు ఎవరికి జవాబు చెప్పాలో వదిలేసి మిగతాదంతా వరుసగా అచ్చేస్తాయి.

ఆ తర్వాత ఒకసారి ఆమె ఫోనులో చెప్పింది. ఇంకో పిల్లకు వాంతులు. మెసేజ్ పెట్టింది. బొటనవేలు వచ్చింది. ఈమె, "మేడం, మాటల్లో రాయండి" అని పంపింది. చదివినట్టు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు లేదు. ఫోను చేస్తే ఎత్తలేదు.

"మరేం జేసినవ్?" అన్నాను.

"గేటు కాడ ఆటో ఆపి కూసున్నం సార్. పిల్ల నా ఒళ్లె రెండుసార్లు కక్కుకున్నది. ఇరవై నిమిషాలకు 'వెళ్ళు' అని రాసింది. అప్పుడు పోయినం."

ఆ ఇరవై నిమిషాలు కక్కుకుంటున్న పిల్లను ఆటోలో కూర్చోబెట్టింది ఆ హెచ్చరిక. దాన్ని తెచ్చిపెట్టడంలో నా చెయ్యి ఉంది.