ముక్కలు కాని లెక్క

మా అక్క మొగుణ్ణి వీధంతా ముక్కల మాస్టారు అంటుంది. వర్గ సమీకరణం కంటపడితే చాలు, పెన్ను ముట్టకుండా దాన్ని రెండు ముక్కలు చేసి చేతిలో పెడతాడు. "గుణిస్తే పన్నెండు, కూడితే ఏడు. మూడూ నాలుగూ! ఇంకా గుడ్లప్పగించి చూస్తావేంరా?" అనేలోపు బోర్డు మీద జవాబు ఉంటుంది. ఆ విద్య నిజమైనదే, కాదనను. కానీ అది రానివాళ్ళని మనుషుల్లో లెక్కేసేవాడు కాదు. ఎవరైనా ఫార్ములా రాస్తే "కుంటివాడి కర్ర బయటికి తీశావా?" అనేవాడు. క్లాసంతా నవ్వాలి. నవ్వనివాడికి తర్వాతి లెక్క.

ఆ కుంటితనం ఎక్కువగా అంటగట్టింది సొంత కూతురికే. చిట్టికి అంకెల జతలు చప్పున తట్టవు. నెమ్మదిగా ఆలోచిస్తుంది, ఆలోచించింది మాత్రం తప్పదు. పదేళ్ళ వయసు నుంచీ దాన్ని ట్యూషన్ గదిలో నిలబెట్టి, తనకన్నా చిన్నపిల్లల ముందు అడిగేవాడు. అది తడబడితే "నా కడుపున చెడబుట్టింది" అనేవాడు. మా అక్క వంటింట్లో గిన్నెలు గట్టిగా తోమేది. ఆమె చేసిన ఎదురుతిరుగుడు అంతే.

నేనూ బడిలో లెక్కలు చెప్పేదాన్నే, చిన్న తరగతులకి. అందుకని బావ దృష్టిలో నేను పలక టీచర్ని. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు, ఈయనకి చెప్పేవాళ్ళు కూడా లోకువే.

చిట్టికి ఇరవయ్యారు నిండాయి. డిగ్రీ ఉంది, బీఈడీ ఉంది. చేసేది మాత్రం తండ్రి బోర్డు తుడవడం, ఆయన పిల్లల పేపర్లు దిద్దడం. ఆ గది దాటి బయటపడాలని దానికి ఎంత ఉందో నాకొక్కదానికే తెలుసు. ఊరి అవతలి చివర ఒక కోచింగ్ సెంటర్లో టీచర్ ఖాళీ ఉందని తెలిసి అప్లై చేసింది. హాస్టల్ వార్డెన్ పని కూడా చూసుకుంటే అక్కడే గది ఇస్తారట. ఇంటర్వ్యూకి బదులు ఒక పని ఇచ్చారు. చేత్తో రాసిన లెక్క ఒకటి ఫొటో తీసి ఫోన్‌కి పంపారు. దాన్ని కారణాంకాలుగా విడగొట్టి, వర్గం పూర్తి చేసి, ఫార్ములాతో, మూడు రకాలుగా ప్రయత్నించి, ఏ పద్ధతి ఈ లెక్కకి తగిందో, ఎందుకో, పిల్లలకి చెప్పినట్టు రాసి సాయంత్రానికల్లా పంపాలి.

ఫొటోలో x² − 8x + అనేవరకు స్పష్టంగా ఉంది. తీసినవాళ్ళ చెయ్యి నీడ చివరి అంకె మీద పడింది. చిట్టి ఫోన్‌ని వెలుతురుకేసి తిప్పి, పెద్దది చేసి చూసి, ఒకటి అని తేల్చుకుంది. ఒకటికి పైన చిన్న కొక్కెం పెట్టి, కాస్త ఏడులా కనబడేట్టు రాసే అలవాటు చాలామందికి ఉంది.

అది రాసిన కాగితం నేను చూశాను. గుణిస్తే ఒకటి, కూడితే మైనస్ ఎనిమిది వచ్చే పూర్ణాంకాలు లేవు, కాబట్టి మొదటి పద్ధతి ఇక్కడ పనిచేయదు అని దాపరికం లేకుండా రాసింది. తర్వాత ఎనిమిదిలో సగం నాలుగు, దాని వర్గం పదహారు, రెండు వైపులా కలిపి (x − 4)² = 15 చేసింది. x = 4 ± √15. ఫార్ములాతో (8 ± √60)/2 వచ్చింది, సూక్ష్మీకరిస్తే మళ్ళీ అదే. "మధ్య అంకె సరిసంఖ్య, ముందు గుణకం ఒకటి. అందుకే ఇక్కడ వర్గం పూర్తి చేయడం దగ్గరి దారి. ఫార్ములా ఎప్పుడూ చేరుస్తుంది, కాస్త చుట్టు తిప్పి. కారణాంకాలు పడితే వాటంత త్వరగా ఏదీ తేలదు, కానీ పడతాయో లేదో ముందు చూసుకోవాలి" అని ముగించింది. నాకు కళ్ళు చెమర్చాయి. దానికి ఇంత బాగా చెప్పడం వచ్చని ఆ ఇంట్లో ఎవరూ తెలుసుకోలేదు.

కాగితం ఫొటో తీసి పంపబోతుంటే బావ లాక్కున్నాడు. అప్పటికే క్లాసు పిల్లలు వచ్చి చాపల మీద కూర్చున్నారు.

"లెక్క పనిచేయదా, నీ బుర్ర పనిచేయదా?" అన్నాడు, వాళ్ళకి వినబడేలా. ఫోన్ ఒకసారి చూసి నవ్వాడు. "ఇది ఏడే మొద్దూ! ఒకటీ ఏడూ, గుణిస్తే ఏడు, కూడితే ఎనిమిది. మూడు పద్ధతులు పోల్చమన్నవాడు ముక్కలు కాని లెక్క ఇస్తాడా?"

"నాన్నా, నాకు ఒకటిలానే ఉంది. ఫోన్ చేసి అడుగుతాను."

"ఉద్యోగం అడుక్కుంటూ అంకె ఏదో కూడా అడుగుతావా? సిగ్గులేదూ?"

"అడిగితే పోయేదేముంది బావా?" అన్నాను.

"పలక లెక్కలు నీకు. నోరు మూసుకో."

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. ఆ మనిషి ఎర్ర పెన్ను చిట్టి చేతిలో పెట్టి, "నువ్వే కొట్టెయ్, అందరూ చూస్తుండగా" అన్నాడు. పిల్లలు నవ్వారు. చిట్టి పేజీ మీద అడ్డంగా గీత గీసింది. తర్వాత వేరే కాగితం మీద ఏడు పెట్టి, (x − 1)(x − 7) అనీ, (x − 4)² = 9 అనీ, జవాబు ఒకటీ ఏడూ అనీ, కారణాంకాల పద్ధతే మేలనీ రాసి పంపింది.

మర్నాడు సాయంత్రం, క్లాసు మొదలవుతుండగా సెంటర్ మేడమ్ ఫోన్ చేసింది. చిట్టి గుమ్మంలో నిలబడి విన్నది. పక్కనే ఉన్న నాకూ వినబడింది.

"అది ఒకటమ్మా. నీడ పడ్డ మాట నిజమే, ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి అడిగి మరీ రాశారు. కారణాంకాలు పడనప్పుడు ఎవరు ఆ మాట ఒప్పుకుంటారా అనే ఆ లెక్క ఇచ్చాం. మీరు లెక్కనే మార్చేశారు. సారీ అమ్మా."

"సరే మేడమ్" అంది చిట్టి. తండ్రి పేరు ఎత్తలేదు. ఆ క్షణంలో నాకు బావ మీద ఎంత కోపం వచ్చిందో, దాని మంచితనం మీదా అంతే వచ్చింది.

ఉద్యోగం రాలేదనీ, అంకె ఒకటనీ నేనే ఆయనకి చెప్పాను. కాస్తయినా తల దించుతాడనుకున్నాను. ఆయన ఫోన్ అడిగి తీసుకుని, ఫొటో పెద్దది చేసి, కొంచెంసేపు చూశాడు.

"ఒకటే" అన్నాడు. పిల్లల వైపు తిరిగాడు. "చూశార్రా? లెక్క సరిగ్గా చదవకపోతే ఉద్యోగాలు పోతాయి. మీ చిట్టక్కని చూసి నేర్చుకోండి."

లెక్కని బోర్డు మీద రాయించాడు, చిట్టి చేతే. ముందు వరసలో పిల్ల ఒకతి లేచి ముక్కలు కావడం లేదంది, వర్గం పూర్తి చేసి 4 ± √15 తెచ్చింది. "శభాష్! కళ్ళంటే అవి!" అని దాని వీపు తట్టాడు. మా అక్క వంటింటి గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది.

చిట్టి చాక్‌పీసు కింద పెట్టింది. లోపలికి వెళ్ళి ఎర్రగీత ఉన్న ఆ కాగితం తెచ్చి తండ్రి ముందు పరిచింది.

"ఇది నేను నిన్నే రాశాను నాన్నా."

ఆయన కళ్ళజోడు సర్దుకుని, పేజీని పైనుంచి కిందిదాకా చదివాడు. ప్రతి మెట్టూ చదివాడు. తప్పు ఎక్కడా దొరకలేదని ఆయన మొహమే చెబుతోంది.

"రాశావు, కొట్టేశావు" అన్నాడు, కాగితం వెనక్కి ఇచ్చేస్తూ. "కొట్టేసినదానికి మార్కులుండవు. ఇన్నేళ్ళు పేపర్లు దిద్దావు, ఆ మాత్రం తెలీదూ?"