చిట్టెమ్మ జంతికల పాట

బస్సు కిటికీ పక్కన సీటు దొరికిన రోజున హైమావతి వేళ్లు ఊరికే ఉండవు. దారిలో కనిపించిన బోర్డునల్లా పెదవుల్లోనే చదువుకుంటూ టిఫిన్ డబ్బా మూతమీద దరువు వేసుకుంటుంది. దరువుకు అందని బోర్డు ఎదురైతే మొహం చిట్లిస్తుంది. తెలుగు ఎమ్మే చదివి, విజయవాడలో ఒక చిన్న ప్రకటనల ఆఫీసులో చీరల కొట్లకూ పచ్చళ్లకూ మాటలు రాస్తూ నలభై దాటిన మనిషి. నలుగురిలో నోరు మెదపదు. ఆమె రాసిన మాటలు మాత్రం మైకుల్లో ఊరంతా తిరుగుతుంటాయి.

ఆ రోజు రికార్డింగు గదిలో చిట్టెమ్మ కూర్చుని ఉంది. గుడివాడ బస్టాండులో జంతికల బుట్టతో మొదలుపెట్టి, తన పేరుతోనే ప్యాకెట్లు అమ్మించేదాకా ఎదిగిన మనిషి. బస్సుల వెంట పరుగెత్తుతూ ఆమే కట్టుకున్న కేక ఇప్పటికీ ప్యాకెట్ మీద ఉంది:

‘కొరుకు కొరుకు కరకర
కొసరు కొసరు మరిమరి.’

ఆమె గొంతులో పుండు లేచింది. మరుసటి వారం ఆపరేషన్. స్వరపేటిక తీసేస్తారు, ఆ తర్వాత గొంతు ఉండదు. సరుకు బెంగళూరు దుకాణాలకూ వెళ్తోంది గనుక ఇంగ్లీషు కూడా కలిపి, ఆ కేకను ఆమె గొంతుతోనే ఒక్కసారి రికార్డు చేసి ఉంచాలని కొడుకు వీరభద్రం పట్టుదల.

‘‘మేడమ్, ముందు అమ్మ తెలుగు. దాని వెనక ఇది,’’ అని కాగితం ఇచ్చాడు. ‘ది ఆథెంటిక్ టేస్ట్ ఆఫ్ ఆంధ్రా ట్రెడిషన్.’

హైమావతి బల్లమీద వేలితో కొట్టి చూసింది. మూడు, మూడు, నాలుగు. చిట్టెమ్మ కేక నడక అది. ఈ ఇంగ్లీషు ఆ నడకలో రెండడుగులు వేయకుండానే తూలిపడింది.

‘‘బాగుందండీ. కానీ అమ్మగారు పరుగెత్తుతుంటే ఇది కూర్చుండిపోతోంది,’’ అంది మెల్లగా.

‘‘అదేదో ఇంగ్లీషు పెళ్లికొడుకులా ఉందిరా, పల్లకీ ఎక్కితేగాని కదలడు,’’ అంది చిట్టెమ్మ బొంగురుగా. నవ్వబోయి దగ్గింది.

హైమావతి కాసేపు కళ్లు మూసుకుని కూర్చుంది. ‘కొరుకు’ అన్నంతసేపట్లో పలికే ఇంగ్లీషు కావాలి. అర్థమూ అదే కావాలి. కాగితం తిప్పి రాసింది: ‘హ్యావ్ ఎ బైట్, హ్యావ్ ఎ బైట్, హర్రీ హర్రీ.’

సౌండు చూసే జోసెఫ్ అద్దం అవతలినుంచి బొటనవేలు ఎత్తాడు.

చిట్టెమ్మ తెలుగు రెండు పాదాలూ అలవాటుగా పలికి, ఇంగ్లీషులోకి దిగింది. ‘‘హ్యావె బైట్, హ్యావె…’’ ఊపిరి అక్కడే తెగింది. మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ తెగింది.

‘‘హ్యావె కాదమ్మా, హ్యావ్, ఎ,’’ అన్నాడు వీరభద్రం.

‘‘విడదీయకండి,’’ అంది హైమావతి. ‘‘ఇంగ్లీషువాళ్లూ అలా కలిపే అంటారు. అమ్మగారు అన్నట్టే దరువుకు సరిపోతోంది.’’

‘‘అక్కా, ఇంగ్లీషు ముక్క వేరే అమ్మాయితో చెప్పించి అతికిస్తా. తెలీదు,’’ అన్నాడు జోసెఫ్.

‘‘నాకు తెలుస్తదిగా,’’ అంది చిట్టెమ్మ. ‘‘పోయే గొంతు, పక్కన ఇంకోళ్ల గొంతు పెట్టుకుని పోవాలా?’’

మాటల్లో తప్పు లేదు, వరసలోనే ఉందని హైమావతికి అప్పుడు తట్టింది. అలవాటు లేని మాటలకు నిండు ఊపిరి కావాలి. ముప్పై ఏళ్లు అన్న మాటలు ఊపిరి అడుగంటినా నాలుకమీద వాటంతట అవే దొర్లుతాయి. ఇంగ్లీషు ముందుకు రావాలి. ఆ ఊపిరికి రెండు పాదాలే పడతాయి.

చెప్పడానికి నోరు రాలేదు. అయినా చెప్పింది. ‘‘చిట్టెమ్మగారూ, ‘కొరుకు కొరుకు’ తీసేయాలి. ఆ పని ఇంగ్లీషు చేస్తుంది. ‘కొసరు కొసరు’ ఆఖర్న మీదే.’’

‘‘మా అమ్మ మాట తీసేస్తారా? పైగా ఇంగ్లీషు వెనక నిలబెడతారా?’’ వీరభద్రం లేచాడు.

చిట్టెమ్మ ఆ పాదాన్ని గొంతు పైకెత్తకుండా తనలో తాను ఒకసారి అనుకుంది, పెదవులు మాత్రం కదిలాయి.

‘‘కూర్చోరా. సగమన్నా నిలబడనీ,’’ అంది. ‘‘ఆఖరి మాటేగా చెవిలో ఉండేది. కానియ్ అమ్మాయ్.’’

హైమావతి ఆమె ఎదుట నిలబడి గాలిలో వేలితో దరువు చూపింది.

‘‘హ్యావె బైట్, హ్యావె బైట్, హర్రీ హర్రీ…’’ సన్నని ఊపిరి. ఆ వెనకే, ఎవరూ తోయకుండానే, ‘‘కొసరు కొసరు మరిమరి.’’

చివరి ‘రి’ గాలిగానే వచ్చింది. జోసెఫ్ దాన్ని సరిచేస్తానన్నాడు. హైమావతి వద్దంది. వీరభద్రం గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

చిట్టెమ్మ ఇప్పుడు పలకమీద రాసి మాట్లాడుతుంది. హైమావతి అదే ఆఫీసులో పనిచేస్తోంది, నెలకోసారి గుడివాడ వెళ్లి ఆమె దగ్గర భోజనం చేసి వస్తుంది.