పాలిపోయిన తమలపాకు తీగ

మా ఆయన పోయాక నేను మట్టెవాడలో అన్న ఇంటికి చేరాను. అది చలి తగ్గే కాలం. నేను వెళ్లిన వారంలోనే పక్కింటివాళ్లు మేడ మీద మేడ వేయడానికి సపోటా చెట్టు కొట్టించారు. దాని కొమ్మలు మా డాబా మీదికి ఒరిగి ఉండేవి. వాటి కింద వదిన పెంచుకునే తమలపాకు తీగ ఉండేది, సిమెంటు కుండీలో.

ఈ రెండూ ఒకే వారంలో జరిగాయి. ఇంట్లోవాళ్లకు గుర్తున్నది మాత్రం నేను రావడమే.

వదిన మొదటి రోజే చెప్పింది, మంచిగానే. "ఆడిబిడ్డా, డాబా మీద బట్టలు ఆరెయ్యి, వడియాలు పెట్టు, ఏమన్న చెయ్యి. తమలపాకు మాత్రం ముట్టకు. దానికి మడి ఉండాలె. ముట్టులున్నోళ్లు, మొగుడు పోయినోళ్లు తాకితే ఎండిపోతది."

సరేనన్నాను. ఆ మాట నాకు కొత్త కాదు. మా అత్తగారింట్లో నేనూ ఆ మాట విన్నదాన్నే, ఇంకొకరి గురించి.

ఎండలు ముదిరేకొద్దీ తీగ పాలిపోయింది. అరచేయంత ఉండే ఆకులు రూపాయి బిళ్లంత పుట్టసాగాయి. పచ్చదనం పోయి నిమ్మతొక్క రంగుకు వచ్చాయి, అంచులు మాడాయి. తీగ పాకడం మానేసింది. ఆధారానికి అన్న పాతిన ఇనుపరాడ్డు నున్నగా ఉండేది. మధ్యాహ్నం దాన్ని పట్టుకుంటే చేయి కాలేది. కణుపుల దగ్గర పుట్టిన వేళ్లు అంటుకునే చోటు దొరక్క, నల్లగా ఎండి గాలిలో వేలాడేవి. వదిన గుడ్డపేలికలతో కడితే, కట్టిన చోట నిలబడి, కట్టని చోట జారిపోయేది.

పాలిపోయింది కాబట్టి ఎండ చాలడం లేదనుకుంది వదిన. కుండీని గోడ పక్కనుంచి డాబా నడిమికి జరిపించింది. ఎండ పెరిగింది కాబట్టి పొద్దున్నే ఒక బకెట్ నీళ్లు పోసేది. కుండీ కింద పళ్లెం పెట్టింది, నీళ్లు వృథా కావద్దని. పళ్లెం ఎప్పుడూ నిండే ఉండేది.

ఆ తీగ ఆమెకు అలంకారం కాదు. శ్రావణంలో వాయనానికి వాడకట్టు ఆడవాళ్లందరికీ దాని ఆకులే ఇచ్చేది. ఆ ఏడు బిడ్డకు సంబంధం కుదిరేలా ఉంది. నిశ్చయానికి తాంబూలం ఇంటి ఆకులతోనే ఇస్తానని వియ్యపురాలికి మాటిచ్చింది. ఆకు పాలిపోయిన కొద్దీ ఆమె చూపు నా మీదికి మళ్లింది. నేను మెట్లెక్కితే వెనకాలే ఎక్కేది. అన్నం వడ్డిస్తూ, "మీ మామగారిల్లు ఊళ్లె ఖాళీగనే ఉన్నదట కదా?" అనేది. ఆ ఇంటికి కప్పు లేదని ఆమెకు తెలుసు.

నాకు వేరే చోటు లేదు. తీగ బతికితేనే నేను ఆ ఇంట్లో ఉంటాను. అంతే సంగతి.

కూరగాయల మార్కెట్లో తడిగోనె మీద ఆకుల కట్టలు పేర్చుకుని ఒక ముసలామె కూర్చునేది. వాళ్లది ఆకుతోట. ఒకరోజు ఆమె ముందు కూర్చుని అంతా చెప్పాను.

"ఎండల పెట్టిండ్రా? ఇనుపరాడుకా?" అని నవ్వింది. "బిడ్డా, మా తోటల ముందుగాల అవిసె చెట్లు పెంచుతం. తర్వాతనే తీగ నాటుతం. అది ఆ చెట్టునే పట్టుకొని ఎక్కుతది, దాని నీడలనే ఉంటది. పొద్దుటెండ జరంత తగిలితె సాలు."

"నీళ్లు బకెట్ పోస్తున్నది మా వదినె."

"తడి ఉండాలె గని నీళ్లు నిలవొద్దు. నిలిస్తె యేరు కుళ్లుతది. యేలు పెట్టి చూడు, మన్ను కంపు కొడితె ఆడనే ఉన్నది రోగం. ఆ రాడు తీసేసి, కట్టెకు గోనె చుట్టి తడుపుండ్రి. యేరు దాన్ని పట్టుకుంటది." ఒక కట్ట తీసి నా సంచిలో వేయబోయి, నా మెడ వంక చూసి ఆగింది. ఆ తర్వాత వేసింది.

ఇంటికి వచ్చేసరికి వదిన లేదు. పైకి వెళ్లాను. కుండీలో వేలు పెట్టాను. పైన పెచ్చు కట్టింది, లోపల బురద. మురుగు వాసన వేసింది. ఆ ముసలామె చెప్పినట్టే ఉందని నాకు సంతోషం కూడా కలిగింది. వంగి పళ్లెం లాగుతుంటే మెట్ల మీద చప్పుడైంది.

వదిన అరవలేదు. అరిచినా బాగుండేది.

"ఎన్నాళ్లసంది ముడుతున్నవు?"

"ఇయ్యాల్నే వదినె. వేరు కుళ్లుతున్నది, అందుకే చూసిన. ఈ ఎండకు, ఈ రాడుకు..."

"నాకు చెప్తున్నవా? పదేండ్లు పెంచిన నేను! నువ్వచ్చిన నెల నుంచే ఎందుకు పాడైతాంది మరి? నా బిడ్డ నిశ్చయం ముంగట పెట్టుకొని, నా ఇల్లే దొరికిందా నీకు?"

సపోటా చెట్టు మాట చెప్పాను. వినలేదు.

అన్న మూడో రోజున కాజీపేటలో ఒక గది చూశాడు. దగ్గర్లోనే రైల్వే ఉద్యోగి ఇంట్లో వంటపని కూడా మాట్లాడాడు. "కొన్నాళ్లే చెల్లె. నిశ్చయం కానీ, మళ్ల వద్దువు," అన్నాడు. నా పెట్టె ఆటోలో పెడుతున్నప్పుడు అతనికి చెప్పాను: కుండీని మెట్ల కిందికి దించు, పొద్దుటెండ ఒక్కటే తగలాలి. పళ్లెం తీసెయ్యి. కుళ్లిన వేళ్లు కత్తిరించి కొత్త మట్టి, ఇసుక వెయ్యి. కట్టెకు గోనె చుట్టి కణుపులు దానికి ఆనేలా వదులుగా కట్టు. అన్న తల ఊపాడు. చేస్తాడనుకోలేదు.

చేశాడు. నిశ్చయానికి పిలిస్తే వెళ్లి చూశాను. అప్పటికి వానలు మొదలై రెండు నెలలు దాటింది. మాడిన పాత ఆకులు రాలిపోయాయి. కొత్తవి నిగనిగలాడుతూ పచ్చగా ఉన్నాయి. వేళ్లు గోనెను కరిచి పట్టుకుని తీగను నా తల ఎత్తుకు లాక్కెళ్లాయి.

వదిన చీర కొంగు దోపుకుని వచ్చింది. ముఖం వెలిగిపోతోంది. చుట్టూ చుట్టాలున్నారు.

"చూసినవా ఆడిబిడ్డా? నువ్వు పోంగనే పాణం పోసుకున్నది. నా మాట కాదంటివి."

చుట్టాలు తీగను చూసి, నన్ను చూశారు. నేను అన్నను చూశాను. అతను బియ్యం బస్తా సర్దుతున్నాడు. అప్పటికే సర్ది ఉన్న బస్తాని.

తాంబూలాలు పంచేటప్పుడు నేను వంటింట్లో ఉన్నాను. ఎవరూ వెళ్లమనలేదు, నేనే వెళ్లాను. భోజనాలయ్యాక అన్న నన్ను ఆటో దాకా దింపడానికి వచ్చాడు. వీధి మలుపు దాటాక అడిగాడు.

"చెల్లె, ఆ గోనె ఊకె ఆరిపోతాంది. దినాం రెండుసార్లు తడపాల్నా?"

"వానలు లేనప్పుడు రెండుసార్లు. మన్నుకు మాత్రం పైన ఆరినంకనే నీళ్లు పొయ్యి."

"ఆకు లేతగ ఉన్నది. తెంపొచ్చా?"

"కిందివి తెంపు. కొసలు ముట్టకు." రోడ్డు మీదికి వచ్చాక నేనడిగాను. "అన్నా, నిశ్చయం అయిపోయింది కదా. నేను వచ్చేదా?"

అతను రోడ్డు అటువైపు చెయ్యెత్తి ఆటోను ఆపాడు. కాజీపేటకు ఎంత అని డ్రైవరును అడిగాడు. నేను ఎక్కి కూర్చున్నాక లోపలికి వంగి, "మీ వదినె ఇప్పుడిప్పుడే జర నిమ్మలమైంది," అన్నాడు.