ముప్పై నెలల ‘ఏమీ లేదు’

నురగయ్యకు ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. ఆయన తుమ్మితే సబ్బు బుడగలు వస్తాయని లాండ్రీ వీధిలో చెప్పుకుంటారు. ఒకసారి వరసగా ఏడు వచ్చాయట. ఏడోది పోస్టాఫీసు దాకా తేలుతూ పోయి అక్కడ స్టాంపులు కొంటున్న పెద్దమనిషి బట్టతల మీద పేలిందట. అందులో నిజమెంతో గానీ, పెద్దాసుపత్రి దుప్పట్లు, గలీబులు, ఆపరేషన్ గౌన్లు మూడేళ్లుగా ఆయన దగ్గరే ఉతుకుతున్నారన్నది మాత్రం అచ్చమైన నిజం.

ఆ కాంట్రాక్టు నెలాఖరుకు అయిపోతుంది. కొత్త టెండరు పెట్టెను రేపు మధ్యాహ్నం పన్నెండింటికి మూసేస్తారు. కవరులో పెట్టాల్సినవన్నీ సిద్ధంగా ఉన్నాయి, పన్నుల ఆఫీసు ఇచ్చే క్లియరెన్స్ సర్టిఫికెట్ తప్ప. ఆసుపత్రి పని పోతే నలుగురు పనివాళ్లకు చెప్పడానికి ఆయన దగ్గర మాటే ఉండదు. వీధివాళ్ల చొక్కాలన్నీ కలిపినా పెద్ద మెషిన్‌కు అడుగైనా నిండదు మరి.

పొద్దున్నే పన్నుల ఆఫీసులో మూడో కిటికీ దగ్గర నిలబడ్డాడు. కిటికీ అవతలి అమ్మగారు కళ్లజోడు ముక్కు చివరికి జార్చి కంప్యూటర్ చూసింది.

“మీకు బకాయి ఏమీ లేదు.”

నురగయ్యకు ప్రాణం లేచొచ్చింది.

“కానీ సర్టిఫికెట్ రాదు.”

వచ్చిన ప్రాణం గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

“అదేంటమ్మా! బకాయి లేనప్పుడు అడ్డేముంది?”

“మీరు పనివాళ్లున్న యజమానిగా నమోదయ్యారు. జీతాల రిటర్ను నెలనెలా వెయ్యాలి. ముప్పై నెలలుగా ఒక్కటీ వెయ్యలేదు.”

“ఎవరి గురించి వెయ్యనమ్మా? మెషిన్ చెడి నా మనుషులు ముగ్గురూ వెళ్లిపోయారు. నేనూ మా ఆవిడే తొక్కి ఉతికాం. ఎవరూ లేనప్పుడు ఏం రాయను?”

“ఎవరూ లేరని రాయాలి.”

“ఏమీ లేదని చెప్పడానికి కూడా కాగితమా?”

“నెలకొకటి. మీరు చెప్పకపోతే, లేరో దాచారో మాకెలా తెలుస్తుంది? అన్నీ వేశాక ఆలస్యానికి జరిమానా పడుతుంది. ఒకేసారి కట్టలేకపోతే వాయిదాల ఒప్పందం రాసి మొదటి వాయిదా కట్టండి, దానివల్ల సర్టిఫికెట్ ఆగదు. రిటర్నులు లేకపోతే మాత్రం నేనే కాదు, నా పైవాళ్లు దిగొచ్చినా ఇవ్వలేరు.”

ఆఫీసు వరండాలో చిన్న కంప్యూటర్ పెట్టుకుని ఫారాలు నింపే టైపు బాబాయి ఈ బాధ విని నవ్వాడు. “దీనికింత మొహం వేలాడేస్తావేంట్రా! ముప్పై సున్నాలు. కోడి గుడ్లు పెట్టినట్టు పెట్టేస్తాను చూడు.”

పెట్టాడు కూడా. టకటకా పంతొమ్మిది సున్నాలు వెళ్లాయి. ఇరవయ్యోది దగ్గర నురగయ్య చేయి అడ్డం పెట్టాడు.

“ఆగు బాబాయ్. ఆ నెల నుంచి మనుషులున్నారు.”

“ఎవరు?”

“ఇప్పుడున్న నలుగురూ. మెషిన్ బాగయ్యాక చేరారు. పదకొండు నెలలైంది. మన ఇంటివాళ్లలాంటివాళ్లే కదా, కాగితమెందుకనుకున్నాను.”

“ఇంటివాళ్లకు జీతమిస్తావా? సరే, సున్నా కొట్టేస్తే ఎవడు చూస్తాడు?”

నురగయ్య టెండరు కవరు తెరిచి చూపించాడు. అందులో నలుగురి పేర్లూ, చేరిన తేదీలూ ఆయన చేత్తోనే రాసి ఉన్నాయి. ఇక్కడ ఎవరూ లేరని సంతకం పెట్టి, అక్కడ నలుగురున్నారని సంతకం పెడితే, ఆ రెండు సంతకాలూ ఒకరోజు ఒకే బల్ల మీద కలుసుకోకపోవు.

“అయితే అసలు లెక్కే వేద్దాం,” అన్నాడు బాబాయి. “వాళ్ల జీతాలకు పన్నెలాగూ పడదు. పేరు, పన్ను నంబరు, జీతం చాలు. నంబర్లు చెప్పు.”

ముగ్గురివి ఫోన్లో దొరికాయి. నాలుగో మనిషి ఇస్త్రీ అత్త. అరవై దాటిన ఆవిడకు పన్ను నంబరు కాదు కదా, ఇంటి నంబరే సరిగా గుర్తుండదు. నంబరు లేని వరసను కంప్యూటర్ ఎర్రగా మార్చి ఉమ్మేస్తోంది.

బాబాయి గొంతు తగ్గించాడు. “ముసలావిడ పేరు రెండుచోట్లా తీసెయ్. ముగ్గురితో సరిపెడితే సాయంత్రానికి కాగితం నీ చేతిలో ఉంటుంది.”

నురగయ్య వేలు ఆ పేరు మీదకు వెళ్లింది. పోయిన నెల ఆవిడ మోచేయి కాలి ఆసుపత్రికి తీసుకెళ్తే, అక్కడి గుమాస్తా ఎవరని అడిగాడు. “మా అత్త” అన్నాడు తను. ‘మా దగ్గర పనిచేస్తుంది’ అనడానికి ఎందుకో నోరు రాలేదు. ఇప్పుడు ఆ పేరు కొట్టెయ్యడానికి వేలు కూడా రావడం లేదు. కొట్టెయ్యకపోతే రేపు బతుకేం కావాలి?

ఆవిడకే ఫోన్ చేశాడు.

“తీసెయ్ నాయనా,” అంది అత్త. “నా పేరుతో ఎవరికేం పని? ఇస్త్రీ పెట్టెకు తెలుసులే నేనెవరో.”

అంత తేలిగ్గా అనేసరికి ఆయనకు ఒళ్లు మండింది.

“నోర్ముయ్ అత్తా! ఆటో ఎక్కి రా. ఉన్న కాగితాలన్నీ పట్టుకురా.”

మూడో కిటికీ అమ్మగారు ఈసారి కళ్లజోడు తీసి విన్నది. “నంబరుకు ఇప్పుడే దరఖాస్తు పెట్టించండి. ఆ పదకొండు నెలలూ కాగితం మీద నింపి, నంబరు గడిలో ‘దరఖాస్తు చేశారు’ అని రాసి రసీదు జతచేయండి. అది చెల్లుతుంది. కాకపోతే కాగితాలను వెనక గదిలో కంప్యూటర్‌కెక్కించాలి. ఈరోజు అవదు.”

“రేపు పన్నెండు లోపలమ్మా?”

“మాట ఇవ్వలేను.”

అత్త వచ్చింది. ఫొటో దిగమంటే కొంగు సర్దుకుని, ఊపిరి బిగబట్టి, పోలీసులు పట్టుకున్నట్టు నిలబడింది. సాయంత్రం దాకా పదకొండు ఫారాల మీదా నలుగురి పేర్లూ రాశారు. జరిమానా ఎంతో తేలాక నురగయ్య వాయిదాల ఒప్పందం మీద సంతకం పెట్టి మొదటి వాయిదా కట్టేశాడు. అక్కడితో ఆయన చేతిలో ఉన్నదంతా అయిపోయింది.

మర్నాడు ఆఫీసు తలుపు తీయకముందే బెంచీ మీద కూర్చున్నాడు. భార్య టెండరు కవరుతో పక్క వీధిలోని ఆసుపత్రి దగ్గర నిలబడింది. పదకొండయింది. వెనక గదిలో ఎవరో టైపు చేస్తున్న చప్పుడు. పదకొండున్నర. చప్పుడు ఆగితే గుండె ఆగేది, మొదలైతే కొట్టుకునేది. పదకొండూ యాభైకి భార్య ఫోన్. “ఏమైంది?” “ఇంకా లేదు.” “పెట్టె దగ్గరకు తాళం తెచ్చారు.” “మనవాళ్లే కదా, ఐదు నిమిషాలు ఆగమను.” “అడిగాను. ఆగరట.”

గోడ గడియారంలో రెండు ముళ్లూ కలిశాయి. నురగయ్య కళ్లు మూసుకోలేదు. ఆ పెద్ద ముల్లు అంత నింపాదిగా పన్నెండు దాటిపోవడం తన జన్మలో చూడలేదు. ఫోన్ మోగింది. ఎత్తలేదు.

పన్నెండూ నలభైకి అమ్మగారు పిలిచింది. సర్టిఫికెట్ ఇంకా వెచ్చగా ఉంది. “ఆలస్యమైందా?” అని అడిగింది. ఆయన తలూపాడు. “మూడు నెలలు చెల్లుతుంది,” అంది ఆవిడ. అంతకంటే ఆవిడ మాత్రం ఏమనగలదు?

లాండ్రీలో నలుగురూ మెషిన్ ఆపేసి నిలబడి ఉన్నారు. చెప్పాడు. ఎవరూ ఏడవలేదు, అదే ఆయనకు ఎక్కువ కష్టమైంది.

“నా వల్లే కదూ?” అంది ఇస్త్రీ అత్త.

“నా వల్ల. ముప్పై నెలలు నోరు మూసుకుని కూర్చున్నది నేను.”

“ఇంకో నెల జీతమైనా ఇవ్వగలవా?” అని అడిగింది ఆవిడ.

అబద్ధం చెప్పే ఓపిక ఆయనకు లేదు. “ఇద్దరికి ఇవ్వగలను.”

నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. “అయితే ఇద్దరి జీతం నలుగురం పంచుకుంటాం,” అంది అత్త. “నెలాఖరున ఆ ఫారంలో ఎంతిస్తే అంతే రాయి. నలుగురి పేర్లూ రాయి.”

నురగయ్య సర్టిఫికెట్ మడవకుండా అట్టలో పెట్టి సైకిల్ తీశాడు. ఊళ్లో హాస్టళ్లు ఎన్నున్నాయో, వాటి దుప్పట్లు ఎవరు ఉతుకుతున్నారో చీకటి పడేలోగా కనుక్కోవాలి.