పెన్సిలంత సందు

పాలమూరు రైలుగేటు అవతల ఆముదం మిల్లు లేచిన కొత్తలో ఊళ్లో అంతెత్తు కట్టడం మరొకటి లేదు. నాలుగంతస్తులు. బాయిలరేమో నేలమీద షెడ్డులో, ఆముదం తొట్లేమో పైఅంతస్తులో. జిగురుగా సాగే ఆముదాన్ని వేడిచేసి పలచబరచడానికి కాగిన నీళ్లు ఎనభై అడుగుల ఇనుప పైపులో గోడ వెంట నిటారుగా ఎక్కాలి. ఆ పైపును కనిపెట్టుకుని ఉండేవాడు ఫిట్టరు ఎల్లేశం.

ఎల్లేశం కోస్గి దగ్గరి కమ్మరింటి బిడ్డ. వాళ్ల బాపు బండిచక్రానికి ఇనుప పట్టా ఎక్కించాడంటే కట్టె పుచ్చిపోవాల్సిందే తప్ప పట్టా జారేది కాదు. ఆ పేరు నిలబెట్టాలని కొడుకు పంతం. అతను నట్టు బిగిస్తే విప్పడానికి ఇద్దరు మగవాళ్లు కావాలి. ఇంట్లో తొక్కు సీసా మూత కూడా తనే బిగించేవాడు. దాని పుణ్యమా అని భార్య నర్సింగమ్మ ఉప్పూ పచ్చిమిర్చీ నంజుకుని లేచిన పూటలు ఎన్నో. ఇంత బిగించీ మనిషి మాత్రం మిల్లులో ఇంకా కూలీయే. పర్మినెంటు అనే ఒక్క మాట మిల్లు యజమాని సేటు నోటినుంచి రావాలని చేరిన రోజు నుంచీ ఎదురుచూస్తున్నాడు.

పైపు వేయించింది హైదరాబాదు నుంచి వచ్చిన ఇంజనీరు. అడుగున ఒకచోట, కొసన ఒకచోట పైపును గోడకు కదలకుండా కట్టేయించి, వాటిని యాంకర్లన్నాడు. సగం ఎత్తులో పైపును గోడ వెంట పక్కకు తిప్పి, కొంత పైకి తీసి, మళ్లీ వెనక్కి తెచ్చి దారిలో పెట్టించాడు. దాని పేరు లూపు. నిటారుగా పోవాల్సిన పైపుకు ఈ వంకరేమిటని సేటు గొణిగాడు, ఇనుము దండగని. మిగతా చోట్లన్నీ పైపు చుట్టూ కడియాల్లాంటి గైడ్లు, కొంచెం వదులుగా. "పైపు పక్కకు ఒరగకూడదు, పైకీ కిందికీ జారాలి. ఈ సందు మూయకండి," అని ఇంజనీరు ఎల్లేశానికి మరీ మరీ చెప్పాడు. ఎల్లేశం బుద్ధిగా తలూపాడు. చేత కానివాడే సందు వదులుతాడని లోపల నవ్వుకున్నాడు.

దసరా వచ్చింది. ఆయుధపూజకు ముందు మిల్లులో యంత్రాలన్నీ తుడిచి, రంగులేసి, ప్రతి నట్టూ బిగించడం రివాజు. బాయిలరు చల్లారి ఉంది. పైపుమీద చెయ్యి వేస్తే గైడ్లు టకటకమన్నాయి. పండుగపూట ఆ చప్పుడు ఎల్లేశానికి సొంత పరువు మీద రాయి పడ్డట్టే ఉంది. సందుల్లో రేకుముక్కలు దూర్చి, అన్నిటినీ ఊపిరాడకుండా బిగించి, పసుపూ కుంకుమా పెట్టాడు. సేటు వచ్చి పైపును ఊపబోయాడు. చీమంత కదిలితే ఒట్టు. "శాబాష్ రా ఎల్లేశం! దీపావళికి నిన్ను పర్మినెంటు చేస్త," అన్నాడు. ఆ రాత్రి నర్సింగమ్మ ఇంట్లో పాయసం కాచింది.

పండుగ వెళ్లి బాయిలరు వెలిగించిన రోజు మధ్యాహ్నం, అంతా సద్దులు తింటుండగా పిడుగు పడ్డట్టు మోత. లూపు కిందున్న గైడు గోడలోని ఇటుకలతో సహా ఊడి వచ్చింది. ఆ ఊపుకు పక్కనున్న అతుకు పగిలి, మరిగిన నీళ్లు అంతస్తంతా పారాయి. తిండివేళ కాబట్టి అక్కడ ఎవరూ లేరు. ఉంటే ఎవరూ మిగిలేవారు కాదని ఎల్లేశానికి తెలుసు.

ఇంజనీరు మళ్లీ వచ్చాడు. తిట్టలేదు. అతుకు వేయించి, రేకుముక్కలు పీకించి, లూపు కింది గైడు అంచుకు సమంగా పైపుమీద సుద్దగీత గీసి బాయిలరు ముట్టించమన్నాడు. పైపు వేడెక్కింది. ఎల్లేశం రెప్పవేయకుండా చూస్తున్నాడు. గీత మెల్లమెల్లగా గైడును దాటి పెన్సిలంత మందం పైకి పాకింది. లూపుకు పైనున్న సగం అలాగే కిందికి పెరిగింది. లూపులో పక్కకు తిరిగిన రెండు ముక్కలూ దగ్గరకు వచ్చి ఆ పెరుగుదలనంతా తమలో కలుపుకున్నాయి.

బాయిలరు చూసే అహ్మద్ అలీ ఊరుకునే మనిషి కాదు. "ఎల్లేశం భాయ్, మీ బాపు పట్టాను నిప్పులల్ల ఎందుకు కాలుస్తుండె? ఆటకా?"

ఎల్లేశానికి తల కొట్టేసినట్టయింది. కాలిస్తే పట్టా పెరుగుతుంది, చక్రానికి ఎక్కుతుంది, నీళ్లు పోస్తే కుంచించుకుని పట్టేస్తుంది. పాలుతాగే వయసు నుంచీ చూసిందే. చక్రం దగ్గర తెలిసిన ముక్క పైపు దగ్గర తట్టనే లేదు. సిగ్గుతో చచ్చిపోయాడు. సేటు మాత్రం ఆ సుద్దగీత వైపు చూడనే లేదు. గైడు పాతిన సిమెంటు ఖరాబని మేస్త్రీని తిట్టి, పర్మినెంటు సంగతి వచ్చే దసరాకు చూద్దామని వెళ్లిపోయాడు.

ఆ వచ్చే దసరా రానే వచ్చింది. ఈసారి సేటు వెంట కొత్త వియ్యంకుడు. వియ్యంకుడన్నాక వంక వెతక్కుండా ఉంటాడా? చల్లారిన పైపును పట్టుకుని ఊపాడు. టకటక. "ఏం బావా, మీ మిల్లు పండ్లూడిన ముసలిదాని లెక్క ఊగుతాంది?"

సేటు మొహం కందగడ్డయింది. "ఎల్లేశం, బిగియ్."

"గది గట్లనే ఉండాలె సేటూ. పైపు కాగితే పెరుగుతది. సందు లేకుంటే గోడనే పీకుతది."

"నువ్వు నాకు చెప్తవా? బిగిస్తే ఇయ్యాలనే పర్మినెంటు. లేదంటే పానా ఆడ పెట్టి ఇంటికి నడువ్."

ఎల్లేశం ఇన్నాళ్లూ ఎదురుచూసిన మాట అదిగో, చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉంది. పైగా బిగించడం తనకు రాని విద్యా? ఇంకా మాట్లాడితే ఏడుపొస్తుందని, పానా కింద పెట్టి నడిచాడు. సాయంత్రానికి రైల్వే షెడ్డు నుంచి ఇంకో ఫిట్టరు వచ్చి, రేకులు దూర్చి గైడ్లన్నీ బిగించాడు. కొత్త వాడికి పూలదండ పడింది.

పండుగ మర్నాడు తెల్లవారగానే ఎల్లేశం గేటు దగ్గరికి వెళ్లి, లోపల చెప్పులు మరిచిపోయానన్నాడు. కాళ్లకు చెప్పులున్నాయి. కావలివాడు చూసీ చూడనట్టు వదిలేశాడు. షెడ్డులో అలీ ఏమీ అడగకుండా తన పానా చేతిలో పెట్టాడు.

"జల్ది చెయ్ భాయ్. మంట నిమ్మళంగ పెడ్త."

ఎల్లేశం కింది గైడు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే వదులు చేసి, రేకుముక్కలు పీకి జేబులో వేసుకున్నాడు. యాంకర్ల జోలికి పోలేదు, అవి గట్టిగానే ఉండాలి. పైకి చేరేసరికి కింది పైపు వెచ్చబడుతోంది. అతను గేటు దాటుతుంటే మిల్లు కూత వేసింది.

ఆ ఏడు పైపు చుక్క కారలేదు. కాగే పైపును పట్టుకుని ఊపి చూసేవాడు లేడు కాబట్టి సందుల సంగతీ బయటపడలేదు. కొత్త ఫిట్టరు బిగించిన బిగువే బిగువని సేటు బజారంతా చెప్పుకున్నాడు. వాణ్ణి పర్మినెంటు చేశాడు. ఎల్లేశం బస్టాండు దగ్గర సైకిలు రిపేరు పెట్టుకున్నాడు. ఆ పొగడ్త చెవిన పడ్డప్పుడల్లా పంక్చర్లు వేస్తూనే పళ్లు కొరుక్కునేవాడు.

ఒకరోజు నర్సింగమ్మ ఉండబట్టలేక అడిగింది. "నువ్వు చేసిన పనికి ఎవడో దండలేసుకుంటుండు. సేటు దగ్గరికి పోయి నేనే వదులు చేసిన అని చెప్పరాదు?"

"చెప్తే మళ్ల బిగిస్తరే," అన్నాడు ఎల్లేశం.