ఖాళీ రోజులకు నీలం రంగు

కడుతున్న ఆసుపత్రి భవనంలో, సిమెంటు బస్తాల పక్క గదిలో ఆమె కూర్చునేది. పనివాళ్లంతా కంప్యూటరమ్మ అని పిలిచేవారు. తండ్రి మంచం పట్టి ఆమె చదువు మధ్యలో ఆగిపోతే, అక్కడే పైపుల మేస్త్రీగా ఉన్న బాబాయి మేనేజరు కాళ్లావేళ్లా పడి ఈ ఉద్యోగం ఇప్పించాడు.

యజమాని చూడటానికి వస్తున్నాడని, కింది అంతస్తుల పనుల జాబితాను కంప్యూటర్లో ఒక్క చూపులో అర్థమయ్యే రంగు పట్టీలుగా మార్చమన్నాడు మేనేజరు. జాబితాలో పని పేరు, మొదలైన తేదీ, ముగిసిన తేదీ ఉన్నాయి. ఆమె పై వరుసలో గడికొక రోజు చొప్పున తేదీలు పరిచింది. పైనున్న తేదీ ఆ పని మొదలు కంటే ముందుది కాకుండా, ముగింపును దాటకుండా ఉంటే గడికి నీలం రంగు పడేలా షరతు పెట్టింది. కొన్ని వరుసలు తెల్లమొహం వేశాయి. వాటిలో తేదీలు ఉత్త అక్షరాలుగా ఎక్కాయని పోల్చుకుని, అసలైన తేదీలుగా మార్చింది. అప్పుడు అన్ని పట్టీలూ పడ్డాయి. పైపుల పట్టీ మాత్రం కొండచిలువలా సాగింది.

అందులో సగం, బాబాయి మనుషులు సామాను కోసం మెట్ల మీద పడిగాపులు పడిన కాలం. పైపులకు ఆర్డరు పెట్టడం మరిచింది మేనేజరే. షరతుకు అవేం పట్టవు, దానికి మొదలూ చివరే లెక్క.

అందుకని పైపుల పనిని మూడు వరుసలుగా విడగొట్టింది. ముందు చేసిన పని, సామాను లేక ఆగిన కాలం, తర్వాత చేసిన పని. మధ్య వరుసకు బూడిద రంగు షరతు పెట్టింది.

మేనేజరు తెరమీదికి వంగి చూశాడు.

"పనికి ఒకటే వరుస. కథలు రాయక్కర్లేదు," అన్నాడు. వెళ్తూ, నాన్నకు మందులు సరిగ్గా అందుతున్నాయా అని మెత్తగా అడిగాడు.

ఆమె మూడు వరుసల్ని ఒకటి చేసింది.

యజమాని ఆ పొడుగు పట్టీ మీద వేలు పెట్టి ఇదెవరిదని అడిగాడు. సామాను ఆలస్యంగా వచ్చిందని బాబాయి చెప్పుకున్నాడు. అది ఇందులో ఎక్కడుందని ఆయన అడిగితే, బాబాయి ఆమె వైపు చూశాడు. ఆమె తల ఎత్తలేదు. పై అంతస్తుల పని ఇంకొకరికి ఇమ్మని యజమాని చెప్పి వెళ్లిపోయాడు.

బాబాయి పనిముట్లు సర్దుకుని గుమ్మం దగ్గర ఆగాడు.

"ఖాళీగా కూర్చున్న రోజులక్కూడా రంగేశావు కదమ్మా. మావాళ్లు చూస్తే మురిసిపోతారు."

ఆమె లేచేలోపే ఆయన మెట్లు దిగిపోయాడు.

మేనేజరు పై అంతస్తుల పైపుల పనికి వరుస చేర్చి, కొత్త మేస్త్రీ పేరు ఎక్కించమన్నాడు. తేదీలు కొట్టగానే నీలం పట్టీ పొట్టిగా, ముచ్చటగా పడింది. బయట లారీలోంచి పైపులు దించుతున్నారు. ఈసారి మేనేజరు ఆర్డరు ముందే పెట్టాడు.