ఒక్క బిందువు దగ్గర

నంద్యాలలో డిగ్రీ పేపర్లు దిద్దడానికి ఆళ్లగడ్డ నుంచి బస్సులో వెళ్లివచ్చేదాన్ని. అప్పటికి నేను గెస్ట్ లెక్చరర్‌ని. పేపర్లు దిద్దే మా గదికి పెద్దగా ఉన్నది ఆళ్లగడ్డలో నాకు లెక్కలు చెప్పిన మాస్టారే.

ఆ రోజు ఒక జవాబుపత్రం దగ్గర నా పెన్ను ఆగింది. ప్రశ్న చిన్నదే. సున్నా నుంచి రెండు వరకు ప్రమేయం విలువ అంతటా 2, ఒక్క x=1 దగ్గర మాత్రం 5. ఇది రీమాన్ సమాకలనీయమా, అంటే దీని కింది వైశాల్యానికి ఒకే కచ్చితమైన విలువ వస్తుందా? మాకిచ్చిన జవాబుల కీలో ‘1 దగ్గర తెగింది కనుక కాదు’ అని ఉంది.

ఆ విద్యార్థి అవుననే రాశాడు. 0, 1−h, 1+h, 2 అని, h ఒక చిన్న దూరంగా తీసుకుని, విభజన చేశాడు. ప్రతి ముక్కలోనూ కనిష్ఠం 2, కాబట్టి దిగువ మొత్తం 4. నడిమి ముక్క వెడల్పు 2h, అక్కడ గరిష్ఠం 5, కాబట్టి ఎగువ మొత్తం 4+6h. తేడా 6h. h ఎంత చిన్నదైతే తేడా అంత చిన్నది. ఎంత కావాలంటే అంతకు దించవచ్చు. కనుక సమాకలనీయమే, విలువ 4. ఎక్కడా తప్పు లేదు.

పేపరు తీసుకుని మాస్టారి దగ్గరికి వెళ్లాను.

“సార్, కీ తప్పు. అవిచ్ఛిన్నమైతే సమాకలనీయం అన్నారు గానీ, తెగితే కాదని ఎవరూ అనలేదు గదా. మీరే మాకు బోర్డు మీద చేసి చూపిచ్చినారు.”

ఆయన పూర్తిగా చదివారు. “నాకు తెల్దనుకుంటాండావా?”

“మరి పైవాళ్లకు చెప్పండి సార్.”

“చెప్తే దిద్దిన కట్టలన్నీ మళ్లా ఇప్పాల. ఎవురు ఇప్పుతారమ్మా? కీలో ఏముంటే అదే. సున్నా ఎయ్యి.”

“నేను వేయను సార్.”

ఆయన నా చేతిలోని ఎర్ర పెన్ను తీసుకుని, ఆ జవాబు పక్కన తానే సున్నా చుట్టి, కింద పొట్టి సంతకం పెట్టారు. తర్వాతి పేపరు నా ముందుకు తోశారు. అందులో కీలోని వాక్యమే ఉంది, అక్షరం పొల్లుపోకుండా.

సాయంత్రం బస్సులో ఆయన పక్క సీటు చూపించి కూర్చోమన్నారు. శిరివెళ్ల దాటాక కిటికీలోంచి చూస్తూ అన్నారు:

“ఆ బిడ్డ బాగా రాసినాడు. బిందువుకు అటూ ఇటూ h తీసుకోవడం... శానా మందికి తోచదు.”

“ఆ మాట ఆ పేపరు మీద రాసింటే బాగుండేది సార్.”

“ఈడ నా ఒక్కనితో అయ్యేదేముందమ్మా?”

నేను లేచి ముందుకెళ్లి కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. సీట్లు ఖాళీగానే ఉన్నాయి. ఆళ్లగడ్డ వచ్చేదాకా కూర్చోలేదు. మరుసటి ఏడు పేపర్లు దిద్దడానికి నన్ను పిలవలేదు.